బాబాయి రోకలి, 47 సెకన్లు

మొన్న ఫోన్ మారుస్తుంటే పాతదాంట్లోంచి ఒక వీడియో బయటపడింది. 47 సెకన్లు. మా చిన్నమ్మాయి 2020 సెప్టెంబరు నెలాఖర్లో తీసింది. మా కొట్టు వెనక వసారాలో బాబాయి రోకలి ఎత్తి లడ్డు తొక్కుతుంటాడు, అంతే. పాటా లేదు, మాటా లేదనే అనుకున్నాను. ధబ్, ధబ్ అని రోకలి పడే చప్పుడు, మధ్యలో ఒకసారి వీధిలో ఎవరిదో బండి హారను.

మాది బందరు. కోనేరు సెంటరు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మిఠాయి కొట్టు. మా నాన్న పెట్టిందే. ఆయన పోయాక నేను కూర్చున్నాను. కొట్లో జంతికలు, మైసూరుపాకు, బందరు హల్వా అన్నీ ఉంటాయి కానీ, మమ్మల్ని నిలబెట్టింది తొక్కుడు లడ్డే. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బొందిలీలు ఈ లడ్డు తెచ్చారని మా ఊళ్లో చెప్పుకుంటారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా వీధంతా పండగే. గుర్తింపు వచ్చిందని మర్నాడు బేరాలేమీ పెరగలేదు లెండి, అది వేరే సంగతి.

ఆ 2020 సంగతి మీకు తెలిసిందే. వేసవి పెళ్లిళ్లన్నీ లాక్‌డౌన్‌లో పోయాయి. శ్రావణంలో కాస్త కదిలిందనుకుంటే, సెప్టెంబరు 18 నుంచి అధిక ఆశ్వయుజం వచ్చి కూర్చుంది. అధికమాసంలో ఎవరు శుభకార్యం చేస్తారు? రోజుకి ఆరేడు కిలోల లడ్డు అమ్మడం గగనమైంది. మేస్త్రి పొయ్యి వెలిగించి, పదకొండింటికల్లా ఆర్పేసి, బల్ల మీద పడుకునేవాడు.

చిన్నమ్మాయి కాలేజీ మూసేశారు. పొద్దున ఆన్‌లైన్ క్లాసు, ఆ తర్వాత కొట్లో నా ప్రాణం తీయడం. ఒకరోజు, "నాన్నా, బాబాయి తాత తొక్కుతుంటే వీడియో తీస్తాను, నువ్వేం మాట్లాడకు, అడ్డం రాకు" అంది. ఫోన్‌ని బెల్లం దిమ్మకి ఆనించి, జారకుండా కింద చింతపండు పొట్లం పెట్టింది. బాబాయి ఇంటికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "తాతా, ఆ చొక్కా వద్దు, మామూలుగా ఉండు" అంటే పాపం చిన్నబుచ్చుకుని మళ్లీ బనీను మీదకొచ్చాడు.

బాబాయి మాకు చుట్టం కాదు. మా నాన్న హయాంలో చేరాడు, అప్పట్నుంచీ తొక్కుడు పని ఆయనదే. నాకు బాబాయి, మా పిల్లలకి బాబాయి తాత. నన్ను మాత్రం "బాబూ" అనేవాడు.

లడ్డు పని తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను, లేకపోతే తర్వాత జరిగిన గోల అర్థం కాదు. శనగపిండిని నీళ్లతో ముద్దగా కలిపి నూనెలోకి పూసగా ఒత్తి వేయిస్తాం. ఆ పూసని పొడిచేసి జల్లెడ పడతాం. ఒకప్పుడు ఈ పొడి కూడా రోట్లోనే దంచేవారు. మా నాన్న ఉండగానే అది మరకి మారింది. తర్వాత బెల్లం పాకం పట్టి పొడి అందులో కలుపుతాం. మా కొలత కిలో పిండికి కిలో బెల్లం, మూడు పావుల నెయ్యి. కలిపింది రోట్లో వేసి, నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ తొక్కాలి. కాసేపు ఆరనిచ్చి మళ్లీ తొక్కాలి. చివర్లో యాలకుల పొడి, పటికబెల్లం పలుకులు, జీడిపప్పు వేసి ఉండ కడతాం. ఈ రెండు తొక్కుళ్లూ రోకలితోనే. వాయికి ఐదు కిలోలు. బాబాయి ఒక్కడే, రోజంతా చేస్తే నాలుగు వాయిలు. అంటే 20 కిలోలు.

ఈ 20 అనే అంకె ఆ రోజు నా బుర్రలో లేదు. ఉండుంటే ఈ కథే లేదు.

అమ్మాయి వీడియో కింద "బందరు తొక్కుడు లడ్డు, రోట్లో తొక్కినది, కిలో 480" అని రాసి, నా ఫోన్ నెంబరు పెట్టింది. ముందు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వేసింది, తర్వాత ఫేస్‌బుక్‌లో. మొదటి రెండు రోజులూ మా బావమరిది తప్ప ఎవరూ పలకలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఫోను. న్యూజెర్సీ నుంచి ఎవరో. "అంకుల్, మా అమ్మావాళ్లు హైదరాబాదులో ఉంటారు, రెండు కిలోలు పంపగలరా?" అని. నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు. నాలుగో రోజుకి నిద్ర పట్టకపోవడానికి కారణం ఆనందం కాదు. రాత్రి రెండింటికి ఒకరు, నాలుగింటికి ఒకరు. మా ఆవిడ లేచి కూర్చుని, "ఏమండీ, ఆ అమెరికా వాళ్లకి మనకి రాత్రని చెప్పండి" అంది.

వారం తిరిగేసరికి 143 కిలోలకి డబ్బులొచ్చేశాయి. లడ్డు తయారవకముందే డబ్బు! మా కొట్టు చరిత్రలో అలాంటిది ఎప్పుడూ లేదు, ఇచ్చినవాణ్ణి కాదనే అలవాటూ లేదు. అందరికీ "పంపిస్తామండీ" అనేశాను. ఒకడు డబ్బు కట్టినట్టు ఫోటో పంపి మూడు కిలోలు పట్టుకుపోయాడు. సాయంత్రం బ్యాంకు మెసేజి చూస్తే ఏమీ రాలేదు. అప్పట్నుంచి ఫోటో చూడ్డం మానేసి, ఖాతాలో పడ్డాకే పేరు రాసుకునేవాళ్లం.

బాబాయికి చెప్పాను, "నీ బొమ్మ చూసి ఇంతమంది అడుగుతున్నారు" అని. "నన్ను చూసా?" అని సిగ్గుపడ్డాడు. పొద్దున ఆరింటికే వచ్చి మొదలుపెట్టాడు. రెండు రోజులు 20 కిలోలు, మూడో రోజు 23. నాలుగో రోజు మధ్యాహ్నం వాయి మధ్యలో రోకలి గోడకి ఆనించి, కుడి భుజం పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "ఏం లేదు బాబూ, కాస్త పట్టేసింది" అన్నాడు. మా ఆవిడ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి ఇచ్చింది. మర్నాడు మళ్లీ వచ్చాడు కానీ రెండు వాయిలకి మించి చేయలేకపోయాడు.

ఇంకా 60 కిలోలు బాకీ. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. టిఫిన్ హోటల్ వాళ్ల దగ్గర పాత టిల్టింగ్ గ్రైండర్ ఉంటే అద్దెకి తెచ్చాను, ఇడ్లీపిండి రుబ్బేది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పాకం కలిపిన పొడి అందులో వేశాను. పది నిమిషాల్లో వాయి అయిపోయింది. మేస్త్రి వేళ్లతో నలిపి చూసి, "నెయ్యి పైకి తేలింది" అని మాత్రం అన్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను.

తేడా ఏమిటంటే, రోకలి పై నుంచి పడి నొక్కుతుంది. నెయ్యి పొడిలోకి దిగుతుంది, పొడి మాత్రం నలగదు. లడ్డు విరిస్తే ఇసకలా రాలుతుంది, నాలుక మీద సన్నటి పలుకు తెలుస్తుంది. గ్రైండర్ రాళ్లు రాస్తాయి. ఆ రాపిడికి వేడి పుడుతుంది, పొడి ఇంకా మెత్తబడి ముద్దవుతుంది. నెయ్యి బయటికొచ్చి లడ్డు మెరుస్తుంది. చూడ్డానికి అదే బాగుంటుంది కూడా. నోట్లో వేసుకుంటే మాత్రం అంగిలికి అతుక్కుంటుంది.

అక్టోబరు 8న మొదటి విడత, 31 పార్శిళ్లు పంపాం. ఎక్కువ భాగం హైదరాబాదుకే. మామూలు రోజుల్లో అయితే సాయంత్రం ఆర్టీసీ బస్సులో వేస్తే తెల్లారేసరికి అక్కడ ఉంటుంది. కానీ లాక్‌డౌన్ అప్పుడు ఆగిన రెండు రాష్ట్రాల బస్సులు అప్పటికింకా మొదలుకాలేదు. నవంబరు మొదటివారంలో గానీ కదల్లేదు. కొరియర్ వాళ్లు రెండు రోజులన్నారు. ఇంతలో వాయుగుండం పట్టింది. 13న కాకినాడ దగ్గర తీరం దాటింది. మా దగ్గరా, హైదరాబాదులోనూ ఒకటే వాన. పార్శిళ్లు ఐదారు రోజులకి చేరాయి.

మొదటి ఫోను ఒక పెద్దావిడది. మా ఊరావిడే, కొడుకు దగ్గర ఉంటున్నారు. తిట్టలేదు. "ఏరా అబ్బాయ్, ఇది తొక్కింది కాదు, తిప్పింది. మీ నాన్న ఉంటే ఇలా పంపేవాడా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక, తొక్కినదని రాసి పంపాను కదా అనిపించింది. ఆవిడకి బాబాయి తొక్కింది కిలో మళ్లీ పంపాను. డబ్బులు తీసుకోనంటే ఊరుకోలేదు.

రెండో ఫోను నుంచీ అసలు దెబ్బ మొదలైంది. బూజు. తెల్లగా, దూది పింజలా, లడ్డు అడుగున. ఒకాయన ఫోటో తీసి సరాసరి వీడియో కింద పెట్టేశాడు. 31లో 11 పార్శిళ్లు అలా అయ్యాయి. 16 కిలోలు, 7,680 రూపాయలు అందరికీ వెనక్కి వేశాను, కొరియర్ ఖర్చు అదనం. డబ్బు కంటే బాధ ఏమిటంటే, మా లడ్డు ఇరవై రోజులుంటుందని నాన్న కాలం నుంచీ ధీమాగా చెబుతున్న మాట పోయింది.

గ్రైండర్ వల్లేనేమో అనుకున్నాను. కానీ బూజు పట్టినవాటిలో బాబాయి తొక్కినవీ ఉన్నాయి. పైగా అదే వాయిలోవి మా కొట్లో గాజు సీసాలో ఉన్నవి లక్షణంగా ఉన్నాయి. అదే పిండి, అదే బెల్లం, అదే చెయ్యి. మరి పార్శిల్లోవి ఎందుకు పాడయ్యాయి?

మేస్త్రి ఒక పాడైన డబ్బా తెప్పించమన్నాడు. ఒకాయన దయతలచి తిరిగి పంపారు. మూత తీయకుండా దీపం దగ్గర పెట్టి చూపించాడు. పాలిథిన్ కవరు లోపలివైపు నీటి చుక్కలు, అన్నం గిన్నె మూతకి పట్టినట్టు. ఆ తడి బయటి వాన నుంచి వచ్చింది కాదు, లడ్డులోంచి లేచిన ఆవిరి. మేం హడావిడిలో ఉండ కట్టీ కట్టగానే కవర్లో పోసి సీలు వేసేశాం. పైకి చల్లగానే ఉంటుంది కానీ కాచిన పాకం, నెయ్యి కదా, లోపల ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆ వేడికి పుట్టిన ఆవిరి కవరుకి పట్టి, చల్లబడి, చుక్కై లడ్డు మీదే పడుతుంది. బెల్లం ఎటూ తేమని లాగేస్తుంది. కొట్లో సీసాలోవి ముందు పళ్లెంలో రాత్రంతా ఆరి తర్వాత సీసాలో పడ్డాయి, అందుకే బతికాయి.

నమ్మకం కుదరక మేమే పరీక్ష పెట్టుకున్నాం. ఒకే వాయిలోంచి రెండు అరకిలో డబ్బాలు. ఒకటి ఉండ కట్టగానే కవరు వేసి మూశాం. రెండోది తెల్లగుడ్డ మీద పరిచి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచి, పొద్దున మూశాం. రెండూ ఒకే అరలో పెట్టాం. మూడో రోజుకి మొదటిదాని కవరు లోపల చెమట. ఐదో రోజుకి లడ్డూలు ఒకదానికొకటి ఆనిన చోట రంగు ముదిరి, ముట్టుకుంటే వేలికి అంటుకున్నాయి. ఆరో రోజు అడుగున బూజు. రెండోది 18వ రోజు దాకా ఉంది, ఆ తర్వాత మా పిల్లలు ఉంచలేదు.

పాకం సంగతి కూడా మేస్త్రే ఒప్పుకున్నాడు. వానలకి అనకాపల్లి బెల్లం బస్తాలోనే చెమర్చింది. అలాంటి బెల్లానికి పాకం ఇంకాసేపు నిలపాలి. నీళ్ల పళ్లెంలో చుక్క వేస్తే కరక్కుండా, వేళ్లతో తీస్తే మెత్తటి ఉండవ్వాలి. తొందరలో రెండు వాయిలకి లేతగానే దించేశాడట. మరీ ముదిరిపోతే లడ్డు రాయవుతుంది కాబట్టి మామూలుగా ఆ భయంతోనే లేతవైపు మొగ్గుతాం. కొట్లో నాలుగు రోజుల్లో అమ్ముడుపోయేదానికి అది చెల్లింది. ఆరు రోజుల ప్రయాణానికి చెల్లలేదు.

ఇదిలా ఉండగా చెన్నై నుంచి ఒకాయన "డబ్బా మీద మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ నెంబరు లేదేం?" అని అడిగాడు. తిండి వస్తువులు అమ్మేవాళ్లు ప్రభుత్వం దగ్గర తీసుకోవాల్సిన నెంబరది. ఉంది అనుకున్నాను. వేంకటేశ్వరస్వామి పటం వెనక ఉన్న కాగితం తీసి చూస్తే 2019లోనే గడువు అయిపోయింది. ఏడాదికి వంద రూపాయల రిజిస్ట్రేషను, అదీ మర్చిపోయాను. కొత్తగా పెట్టుకోబోతే మా అమ్మాయి లెక్క తీసింది. ఆ చిన్న రిజిస్ట్రేషను అప్పట్లో ఏడాదికి 12 లక్షల వ్యాపారం వరకే. అంటే నెలకి లక్ష. మాకు ఆ రోజుల్లో నెలకి డెబ్బై వేలు దాటేది కాదు, ఆ ఒక్క వారంలో లడ్డు మీదే 68 వేలు వచ్చింది. ఇలాగే సాగితే లైసెన్సు కావాలి, దాని ఫీజూ కాగితాలూ వేరు. ఆ అక్టోబరు 1 నుంచే విడిగా అమ్మే మిఠాయి పళ్లేలకి కూడా ఎప్పటిలోపు తినాలో తేదీ రాసిపెట్టాలన్న రూలు వచ్చింది. "లడ్డుకి జాతకం కూడా రాయాలా?" అని మేస్త్రి నవ్వాడు. బూజు ఫోటో వచ్చాక ఆ నవ్వు ఆపేసి, చీటీలు తనే అంటించాడు.

గ్రైండర్ తిరిగిచ్చేశాను. మిగిలినవాళ్లందరికీ నేనే ఫోన్ చేశాను, రెండు రోజులు పట్టింది. "రోజుకి ఇంతే అవుతుంది, మీ వంతు ఫలానా రోజు, వద్దంటే డబ్బు వెనక్కి" అని. 143లో 20 కిలోలవాళ్లు వెనక్కి తీసుకున్నారు. మిగతావాళ్లు ఆగారు. దసరా 25న, కొందరికి దసరా దాటాక చేరింది.

రోజుకి మూడు వాయిలే అని గీత గీసుకున్నాం. బాబాయికి జీతం మీద కిలోకి 15 రూపాయలు వేరే ఇమ్మని మా అమ్మాయి పట్టుబట్టింది. "వీడియోలో ఉన్నది నువ్వా, తాతా?" అని నన్ను నిలదీసింది. ఇచ్చాను. మొదటి నెల డబ్బు చేతిలో పెడితే లెక్కపెట్టకుండా పంచె మడతలో దోపుకుని, "ఆ ఫోన్లో ఇంకా కనబడుతున్నానా బాబూ?" అని అడిగాడు. ఒకసారి విజయవాడ నుంచి కుర్రాళ్లిద్దరు బైకు మీద వచ్చి ఆయనతో సెల్ఫీ దిగారు. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకునేదాకా దిగనివ్వలేదు.

మూడేళ్లు అలా నడిచింది. తర్వాత ఆయనకి చేతకాక గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు తొక్కేది మేస్త్రి అల్లుడు. బలమైనవాడే, నాలుగు వాయిలు తొక్కుతాడు, కానీ మధ్యలో ఫోన్ చూసుకుంటాడు.

మొన్న దొరికిన వీడియోని మళ్లీ మళ్లీ చూశాను. అప్పుడు చూడనిది ఒకటి కనబడింది. 40వ సెకను దగ్గర బాబాయి రోకలి ఆపి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుని, నేరుగా ఫోన్ వైపు చూస్తాడు. "అయిపోయిందామ్మా?" అంటాడు మెల్లగా. వెనక నుంచి మా చిన్నమ్మాయి, "ఇంకొంచెం తాతా" అంటుంది. మళ్లీ రోకలి ఎత్తుతాడు.

అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను, అది కత్తిరించలేదేం అని. కత్తిరించడం అప్పటికి తనకి రాదట.